ఊపిరితో పాటు మారే నాడి: పిల్లల్లో దాన్ని వేళ్లతో పట్టుకుని చూడటం ఎలా?

మా అక్క కూతురికి 14 ఏళ్లు. పరుగు పందేల జట్టులో చేర్చుకునే ముందు అందరికీ బీపీ చూశారు. దీని వంతు వచ్చేసరికి మిషన్ తెర మీద అంకెలతో పాటు ఒక చిన్న గుండె బొమ్మ వెలిగింది. చూసినాయన "గుండె లయ తప్పుతోంది, డాక్టర్ కాగితం తెస్తేనే పరిగెత్తనిస్తాం" అని పంపేశారట. ఆ రాత్రి అక్క ఫోన్ చేసి మాట్లాడలేక ఏడ్చింది. పిల్ల ఫోన్ లాక్కుని, "పిన్నీ, నాకేం నొప్పి లేదు, ఆయాసం లేదు. మరి గుండె ఎందుకు తప్పు కొట్టుకుంటోంది?" అని అడిగింది.

నేను పిల్లల విభాగంలో ఈసీజీలు తీసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇదే భయంతో, ఇదే ప్రశ్నతో వచ్చే తల్లిదండ్రులను దాదాపు ప్రతి వారం చూస్తాను. చాలామంది విషయంలో జరుగుతున్నది ఒకటే. పిల్ల ఊపిరి పీల్చినప్పుడు నాడి జోరందుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. దీన్ని సైనస్ అరిథ్మియా అంటారు. పేరులో అరిథ్మియా ఉన్నా ఇది జబ్బు కాదు. ముక్కు దిబ్బడ, తలనొప్పి వచ్చే సైనస్‌కూ దీనికీ సంబంధం లేదు. గుండె కుడి పై గదిలో, పైనుంచి చెడు రక్తం తెచ్చే పెద్ద సిర వచ్చి కలిసే చోట సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం ఉంటుంది. ప్రతి కొట్టుకోడానికీ మొదటి సంకేతం అక్కడే పుడుతుంది. పేరు దాన్నుంచి వచ్చింది.

ఇది అదేనా, వేరేదా అన్నది తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు. నాడిలో వచ్చే తేడా ఊపిరి మాట వింటోందా, లేదా? దాన్ని వేళ్లతో, సెకన్ల ముల్లున్న గడియారంతో, ఒక ఫోన్‌తో ఎలా చూడాలో ఆ రాత్రి అక్కకు చెప్పినట్టే మీకూ చెబుతాను. ఒక హద్దు మాత్రం ముందే చెప్పాలి. పరిగెత్తుతుండగా స్పృహ తప్పడం, ఆటలో ఛాతీ నొప్పి రావడం, రక్తసంబంధీకుల్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోవడం, ఇదివరకే గుండె జబ్బు ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ పరీక్షలేవీ ఇంట్లో చేయకండి, ముఖ్యంగా గుంజీలు. నాడి ఎంత చక్కగా ఊపిరి మాట విన్నా సరే, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అసలేం జరుగుతోంది

సైనస్ నోడ్‌ను దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 సార్ల దరిదాపుల్లో కొట్టిస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు మన నాడి అంతకంటే తక్కువ ఉండటానికి కారణం వేగస్ అనే నరం. మెదడు కింది భాగం నుంచి దిగివచ్చే ఈ నరం గుండెకు పగ్గం లాంటిది. ఊపిరి పీల్చే క్షణంలో మెదడులోని శ్వాస కేంద్రం ఆ పగ్గాన్ని కాస్త వదులు చేస్తుంది. ఊపిరితిత్తులు సాగినప్పుడు అక్కడి నరాలు పంపే కబురు కూడా అదే పని చేయిస్తుంది. గుండె వెంటనే రెండడుగులు ముందుకేస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు పగ్గం మళ్లీ బిగుస్తుంది, నాడి నెమ్మదిస్తుంది.

ఇంత తొందరగా వదలడం, బిగించడం వేగస్‌కే సాధ్యం. అది విడుదల చేసే రసాయనం సెకను లోపే పనిచేసి, అంతే త్వరగా కరిగిపోతుంది. గుండెను పరిగెత్తించే రెండో నరాల వ్యవస్థకు కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి అది ఒక్కో ఊపిరినీ అందుకోలేదు. అందుకే ఊపిరితో ఊగే నాడి ఉందంటే వేగస్ చురుగ్గా ఉందని అర్థం. పిల్లల్లో, కుర్రవాళ్లలో, బాగా ఆటలాడేవాళ్లలో అది బలంగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఊపు తగ్గుతూ వస్తుంది. అరవై దాటినవారి మణికట్టు దగ్గర వేళ్లతో పసిగట్టడం కష్టం.

కొత్తగా కనిపెట్టిందేమీ కాదిది. స్టీఫెన్ హేల్స్ 1733లో గుర్రంలో రక్తపు ఒత్తిడి, నాడి ఊపిరితో మారడం గమనించి రాశాడు. 1847లో కార్ల్ లుడ్విగ్ తను తయారుచేసిన తిరిగే డ్రమ్ము మీద కుక్కలో ఈ ఊపును గీతగా పట్టుకున్నాడు.

ముందు పిల్లను కుదురుగా కూర్చోబెట్టండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. ఇప్పుడే మెట్లెక్కి వచ్చినా, ఏడ్చి ఉన్నా, జ్వరంగా ఉన్నా వేగస్ పగ్గం అప్పటికే వదులై ఉంటుంది. నాడి గబగబా, సమానంగా నడుస్తుంది. ఏ తేడా కనపడదు. "ఇప్పుడు బాగానే ఉందే, అప్పుడే తప్పింది" అని మీరు ఇంకా కంగారు పడతారు.

కుర్చీలో వెనక్కి ఆనుకుని, లేదా పడుకుని, ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండమనండి. మాటలాడితే ఊపిరి తెగి తెగి నడుస్తుంది, నాడి కూడా దానితోనే తెగుతుంది. ఫోన్‌లో ఆట ఆడుతూ కూర్చోవడం కుదురు కాదు.

మణికట్టు మీద వేళ్లు

పిల్ల అరచేయి పైకి తిప్పండి. బొటనవేలు మొదలుకు కింద, మణికట్టు ఎముకకూ మధ్యలో లావుగా తగిలే నరం లాంటి దానికీ నడుమ ఉన్న చిన్న పల్లంలో మీ చూపుడువేలు, మధ్యవేలు ఆనించండి. బొటనవేలితో చూడకూడదు, అందులో మీ నాడే మీకు తగలవచ్చు. గట్టిగా నొక్కితే రక్తనాళం మూసుకుపోయి ఏమీ తెలియదు. ముందు కాస్త నొక్కి, నాడి ఆగిపోయినట్టు అనిపించాక మెల్లగా వదులుతూ రండి. బాగా తగిలే చోట ఆగిపోండి. మెడ దగ్గర చూడాల్సి వస్తే ఒక్క వైపే, తేలికగా. రెండు వైపులా ఒకేసారి ఎప్పుడూ నొక్కకండి.

మొదటి నిమిషం ఏమీ లెక్కపెట్టకండి. ఊరికే వినండి. రెండో చేతిని పిల్ల పొట్ట మీద పెట్టండి, లేదా ఛాతీ వైపు చూస్తూ ఉండండి. పిల్లకు మాత్రం "నీ ఊపిరి చూస్తున్నా" అని చెప్పకండి. చెప్పగానే ఎవరైనా మామూలుగా పీల్చడం మర్చిపోతారు.

ఊపిరి ఊపే అయితే మీ వేళ్లకు తెలిసేది ఇలా ఉంటుంది. పొట్ట పైకి లేస్తుంటే దెబ్బలు దగ్గర దగ్గరగా వస్తాయి. పొట్ట దిగుతుంటే దూరం జరుగుతాయి. ఆ మార్పు మెట్టు మెట్టుగా, మూడు నాలుగు దెబ్బల మీద సాగుతుంది. టక్… టక్.. టక్. టక్.. టక్… టక్…. అన్నట్టు. మామూలు ఊపిరిలో నాడి కొంచెం వెనకగా నడవవచ్చు. పీల్చడం పూర్తి కావస్తుండగా జోరు తెలుస్తుంది, అది తప్పు కాదు.

ఇప్పుడు ఊపిరిని మీరే నడిపించండి

మామూలు ఊపిరిలో తేడా చిన్నదిగా ఉండొచ్చు. ఊపిరిని నెమ్మది చేస్తే అది పెద్దదై వేళ్లకు దొరుకుతుంది. నిమిషానికి ఆరు ఊపిరుల దగ్గర ఈ ఊపు దాదాపు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. డాక్టర్లు వేగస్ నరాన్ని పరీక్షించేటప్పుడు కూడా ఇదే లెక్క వాడతారు.

సెకన్ల ముల్లు చూస్తూ మీరు చెప్పండి. "పీల్చు" అని ఐదు సెకన్లు, "వదులు" అని ఐదు సెకన్లు. ఒక నిమిషం, అంటే ఆరు ఊపిరులు చాలు. ఛాతీ పగిలేలా పీల్చనక్కర్లేదు, మామూలు కంటే కొంచెం నిండుగా చాలు. అతిగా, గబగబా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి. అలా అనిపిస్తే ఆపేసి మామూలుగా ఊపిరి పీల్చుకోనివ్వండి, కాసేపట్లో సర్దుకుంటుంది.

మొదటి రెండు ఊపిరులు వదిలేయండి, పిల్ల తాళం పట్టుకోడానికి. మూడో దాని నుంచి లెక్కపెట్టండి. పీల్చే ఐదు సెకన్లలో ఎన్ని దెబ్బలు, వదిలే ఐదు సెకన్లలో ఎన్ని. అక్క ఫోన్ స్పీకర్‌లో పెట్టి లెక్కపెట్టింది. ఏడు, ఐదు. మళ్లీ ఏడు, ఐదు. ఒకసారి ఏడు, ఆరు వచ్చింది. ఆ తర్వాత మళ్లీ ఏడు, ఐదు.

ఈ అంకెల్లోనే ఒక కిటుకు ఉంది. పది సెకన్లకు 12 దెబ్బలంటే నిమిషానికి 72. చాలామంది 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తారు, లేదంటే నిమిషమంతా లెక్కపెడతారు. అలా చూస్తే 72 దగ్గర ఒక అందమైన అంకె వచ్చి, లోపలి ఊపు మొత్తం మాయమవుతుంది. వేలికి తగిలించే ఆక్సీమీటర్ కూడా అంతే. అది కొన్ని సెకన్ల సగటు చూపిస్తుంది కాబట్టి తెర మీది అంకె ఊపిరికి ఆలస్యంగా, తక్కువ తేడాతో కదులుతుంది. దాన్ని చూసి నిర్ణయించకండి.

దెబ్బల మధ్య దూరాన్ని కళ్లతో చూడటం

వేళ్ల మీద నమ్మకం చాలనివాళ్లకు నేను చెప్పే పద్ధతి ఇది. ఫోన్‌లో శబ్దం రికార్డు చేసే యాప్ తెరిచి బల్ల మీద పెట్టండి. ఒక చేత్తో నాడి పట్టుకుని, రెండో చేతిలోని పెన్సిల్‌తో ప్రతి దెబ్బకూ బల్ల మీద ఒక్కసారి కొట్టండి. "పీల్చు", "వదులు" అని పక్కనున్నవాళ్లను చెప్పమనండి, అదీ రికార్డవుతుంది. నాలుగైదు ఊపిరులు చాలు.

తర్వాత రికార్డింగ్ తెరిచి, గీతను వేళ్లతో సాగదీయండి. ప్రతి పెన్సిల్ దెబ్బ ఒక నిలువు గీతగా కనిపిస్తుంది. కింద సెకన్ల కొలత ఉంటుంది. ఊపిరి ఊపు ఉంటే గీతలు ఒకచోట ఒత్తుగా, ఒకచోట పల్చగా, మళ్లీ ఒత్తుగా, అలల్లా కనపడతాయి. ఒత్తుగా ఉన్న చోట వింటే "పీల్చు" అన్న మాట వినపడాలి.

అక్క పంపిన రికార్డింగ్‌లో ఒత్తైన చోట రెండు గీతల మధ్య దాదాపు 0.7 సెకను, పల్చని చోట దాదాపు 0.95 సెకను ఉంది. 60ని ఆ సెకన్లతో భాగిస్తే అదే వేగం నిమిషమంతా సాగితే ఎంతో తెలుస్తుంది. 60ని 0.7తో భాగిస్తే 86, 0.95తో భాగిస్తే 63. ఒకే పిల్ల, ఒకే ఊపిరి, 86 నుంచి 63కి దిగి మళ్లీ ఎక్కుతోంది. చేయి ఆలస్యం వల్ల కొంత తప్పు ఉంటుంది, కాబట్టి ఒక్కో దూరాన్నీ పట్టుకుని కూర్చోకండి. చూడాల్సింది అల ఆకారం, అది ప్రతి ఊపిరికీ తిరిగి రావడం.

రెండు ఎదురు పరీక్షలు

ఊపిరితో పాటు మారింది కాబట్టి ఊపిరే కారణం అని ఇంకా అనుకోకండి. ఊపిరి ఆపితే తేడా కూడా ఆగాలి కదా? అది చూడండి. మామూలుగా సగం వరకు ఊపిరి వదిలి, అక్కడే పది సెకన్లు ఆపమనండి. నోరు బిగించి ముక్కకూడదు. ముక్కితే ఛాతీలో ఒత్తిడి పెరిగి నాడి మరో కారణంతో మారిపోతుంది, మీ పరీక్ష చెడిపోతుంది. ఊరికే ఆపడం, అంతే. ఆ పది సెకన్లలో నాడి అలలు తగ్గి, ముందుకంటే బాగా సమంగా నడవాలి. మళ్లీ ఊపిరి మొదలవగానే అల తిరిగి రావాలి.

రెండోది, పిల్లకు నలత లేనప్పుడు మాత్రమే, ఒక 20 గుంజీలు తీయించండి. ఆపగానే నాడి చూడండి. కష్టపడేటప్పుడు వేగస్ పగ్గం వదిలేస్తుంది, ఊగడానికి ఏమీ మిగలదు. నాడి వేగంగా, గడియారంలా సమంగా ఉంటుంది. వేళ్లు తీయకుండా కూర్చోండి. రెండు మూడు నిమిషాల్లో వేగం తగ్గుతుంటే, ఒక చోట ఆ ఒత్తు, పల్చన మళ్లీ మొదలవుతుంది. అది తిరిగి రావడాన్ని వేళ్ల కింద పట్టుకున్న అక్క, "అదిగో, వచ్చింది" అని అరిచింది. అంతవరకు ఏడ్చిన మనిషి.

ఊపిరి మాట వినని నాడి

ఇక్కడ కాస్త నిదానించి చదవండి. ఎక్కువ పొరపాట్లు జరిగే చోటు ఇది.

నాడి బాగా నడుస్తూ, ఒక్క దెబ్బ హఠాత్తుగా ముందే పడి, తర్వాత పెద్ద విరామం వస్తుంది. టక్… టక్… టక్.టక్……. టక్… ఇలా. ఒక్కోసారి ముందే వచ్చిన దెబ్బ మణికట్టు దాకా చేరేంత బలంగా ఉండదు. అప్పుడు మీకు తగిలేది ఒక దెబ్బ తప్పిపోయినట్టు. దీన్ని ఎక్టోపిక్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ ఇవి వస్తాయి, చాలావరకు ప్రమాదం లేనివే. కానీ ఇది ఊపిరి ఊపు కాదు. తేడా గుర్తుపట్టే కిటుకు మార్పు వచ్చే తీరులో ఉంది. ఊపిరి ఊపు మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఎక్టోపిక్ ఒక్క దెబ్బలో వచ్చిపోతుంది. రెండూ ఒకే పిల్లలో ఉండొచ్చు. కాబట్టి అల దొరికిందని వెంటనే చేయి తీసేయకండి. ఆ అల మధ్యలో ఇలాంటి గతుకులు ఉన్నాయేమో పూర్తిగా రెండు నిమిషాలు చూడండి. ఉంటే ఈసీజీ తీయించాలి. కంగారుతో పరిగెత్తక్కర్లేదు, అలాగని వదిలేయకూడదు.

ఏ పద్ధతీ లేకుండా, ఏ రెండు దూరాలూ కలవకుండా, ఊపిరి ఆపినా మారకుండా నడిచే నాడి వేరు. పిల్లల్లో అది అరుదు. కనపడితే అదే రోజు చూపించాలి. ఊరికే కూర్చుని ఉండగా హఠాత్తుగా మొదలై, లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుని, హఠాత్తుగా ఆగిపోయే దడ కూడా ఊపిరి ఊపు కాదు. అది వచ్చినప్పుడు ఎంతసేపు ఉందో రాసిపెట్టి డాక్టర్‌కు చెప్పండి. ఆగకుండా కొనసాగుతుంటే, లేదా పిల్ల నీరసపడిపోతే, ఆయాసపడితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇంకొకటి, వేగానికీ బలానికీ తేడా చూడండి. మనం మాట్లాడుతున్నది దెబ్బల మధ్య దూరం గురించి. పీల్చినప్పుడల్లా నాడి బలం తగ్గి, మాయమైనట్టు అనిపిస్తే అది పూర్తిగా వేరే సంగతి. తీవ్రమైన ఆస్తమాలో, గుండె చుట్టూ నీరు చేరినప్పుడు అలా జరుగుతుంది. అలాంటి పిల్ల చూడగానే ఆయాసంతో కనిపిస్తుంది కాబట్టి నాడి లెక్కపెడుతూ కూర్చునే సమయం కాదది.

ఈసీజీ కాగితం మీద అదే అల

వేళ్లతో ఎంత బాగా చూసినా, కాగితం అడిగినవాళ్లకు కాగితమే చూపించాలి. ఈసీజీకి వెళ్లినప్పుడు ఒక మాట అడగండి. "కొంచెం పొడవుగా ఒక లయ పట్టీ తీయండి" అని. మామూలు ఈసీజీ పది సెకన్లదే. అందులో రెండు మూడు ఊపిరులు పడితే గొప్ప, అల సరిగా కనపడకపోవచ్చు. అర నిమిషం నుంచి నిమిషం పట్టీ ఉంటే డాక్టర్‌కు పని తేలిక. నేనైతే పట్టీ తీస్తూ పిల్ల పీల్చినప్పుడల్లా కాగితం అంచున పెన్నుతో చిన్న బాణం గీస్తాను.

కాగితం మామూలు వేగంతో, సెకనుకు 25 మిల్లీమీటర్లు నడిస్తే, ఒక్కో చిన్న గడి 0.04 సెకను. రెండు పెద్ద ముల్లుల మధ్య ఎన్ని చిన్న గడులున్నాయో లెక్కపెట్టి, 1500ని ఆ అంకెతో భాగిస్తే నిమిషపు వేగం వస్తుంది. మా పిల్ల మామూలుగా ఊపిరి పీల్చుకుంటుండగా తీసిన పట్టీలో దగ్గరి దూరం 18 గడులు, అంటే 83. ఎక్కువ దూరం 23 గడులు, అంటే 65. తేడా 5 గడులు, 0.2 సెకను. తేడా 0.12 సెకను దాటితే సైనస్ అరిథ్మియా అని రాస్తారు. మెల్లగా నడిపించిన ఊపిరిలో అక్క చూసిన తేడా ఇంతకంటే ఎక్కువ, అలాగే ఉండాలి కూడా.

కానీ దూరాలు కొలవడం సగం పనే. డాక్టర్ చూసే అసలు సంగతి ఆ పెద్ద ముల్లుకు ముందున్న చిన్న గుండ్రని మెట్ట. దాన్ని పి తరంగం అంటారు. ప్రతి ముల్లుకూ ముందు ఒక పి ఉండాలి, దాని ఆకారం మారకూడదు, దానికీ ముల్లుకూ మధ్య దూరం ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉండాలి. అలా ఉందంటే ప్రతి దెబ్బా సైనస్ నోడ్‌లోనే పుట్టి, సరైన దారిలోనే వచ్చిందని అర్థం. దూరాలే ఊగుతున్నాయి, దారి మారలేదు. ఎక్టోపిక్ అయితే ఆ ముందే వచ్చిన దెబ్బకు పి వేరే ఆకారంలో ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. వేళ్లు చెప్పలేనిది ఇదే. ఇందుకే ఈసీజీ.

మిషన్ తనంతట తానే కాగితం పైన "Sinus arrhythmia" అని అచ్చు వేయవచ్చు. దాన్ని చూసి గుండె జారిపోయిన తల్లులను ఎంతమందిని చూశానో. వరండాలోనే నెట్‌లో అరిథ్మియా అని వెతికి, ఏదేదో చదివి, డాక్టర్ పిలిచేలోపే సగం చచ్చిపోతారు. వెతకాల్సి వస్తే రెండు మాటలూ కలిపి వెతకండి. ముందున్న మాట తీసేస్తే అర్థమే మారిపోతుంది. అంతకంటే ముందు, ఆ అచ్చు మిషన్ అభిప్రాయం, డాక్టర్ సంతకం కాదు.

బీపీ మిషన్ బొమ్మ ఎందుకు వెలిగింది

చేతికి కట్టే ఆ మిషన్‌కు ఊపిరి సంగతి తెలియదు. పట్టీలో గాలి దిగుతున్న ఆ కాసేపట్లో అది నాడి దెబ్బల మధ్య దూరాలు చూసుకుంటుంది. సగటుకు బాగా తేడాగా ఉంటే బొమ్మ వెలిగిస్తుంది, ఎందుకు తేడా వచ్చిందో చూడదు. పిల్ల వంతు వచ్చేసరికి భయపడి "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని పక్కవాళ్లు చెప్పారట. అది మంచి మనసుతో చెప్పిందే, కానీ ఆ నిండు ఊపిర్లే ఊపును పెద్దది చేశాయని నా అంచనా. చేతి గడియారాల్లో వచ్చే హెచ్చరికలు కూడా ఊపిరి మాట అడగవు. వాటిలో చాలా పద్ధతులు పెద్దవాళ్లలో వచ్చే వేరే లయ దోషం కోసం తయారైనవి.

అందుకే మళ్లీ కొలిచేటప్పుడు పిల్లను ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, మామూలుగా ఊపిరి పీల్చుకోనిచ్చి, మాట్లాడించకుండా కొలవమనండి. అప్పుడూ బొమ్మ వెలిగితే భయపడకండి. నాడి మీద వేళ్లు పెట్టి ఊపిరిని చూడండి.

మందు అక్కర్లేదా అని అక్క రెండుసార్లు అడిగింది. అక్కర్లేదు. ఊపిరి ఊపును తగ్గించే మందు ఇవ్వాల్సిన అవసరమే రాదు. ఆట మాన్పించాల్సిన పనీ లేదు. అసలు ఆట ఆడే పిల్లల్లోనే ఇది స్పష్టంగా ఉంటుంది. పెద్ద వయసువారిలో ఊపిరితో సంబంధం లేకుండా సైనస్ లయ ఊగడం మాత్రం వేరే లెక్క. మీ పిల్ల కాగితంతో తాతగారి కాగితాన్ని పోల్చకండి, ఆయనది ఆయన డాక్టర్‌కు చూపించండి.

మూడో రోజు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ఆవిడ స్టెతస్కోప్ పెట్టి, పిల్లను మెల్లగా పీల్చి వదలమన్నారు. స్పృహ తప్పడం, ఆటలో నొప్పి, ఇంట్లో గుండె జబ్బులు, ఒక్కొక్కటే అడిగారు. పట్టీ అంతా పెన్ను మొనతో చూసుకుంటూ వెళ్లి, "ఊపిరితో మారే సైనస్ లయ. ఈ వయసుకు సహజం. ఆటలకు అభ్యంతరం లేదు" అని రాసి సంతకం పెట్టారు. పిల్ల ఆ కాగితం ఫొటో నాకు పంపి, కింద తన నాడి లెక్క కూడా రాసింది: పీల్చినప్పుడు 7, వదిలినప్పుడు 5.